మూడు నెలలు పుదీనా టీ తాగాను. రిపోర్టు మారింది, గడ్డం మారలేదు

కూకట్‌పల్లి_కోయిల
నాకు 27. పీసీఓఎస్ అని, అండాశయాల్లో హార్మోన్ల తేడా అని రెండేళ్ల క్రితం చెప్పారు. నెలసరి ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. గడ్డం కింద, దవడ పక్కన బిరుసు వెంట్రుకలు. పది రోజులకోసారి థ్రెడింగ్‌కి పోవాల్సిందే. మాత్రలంటే అమ్మకు భయం. "ముందు ఇంటి వైద్యం చూద్దాం" అంది. సరే అని వీడియోల్లో చెప్పినవన్నీ మొదలుపెట్టాను. రోజూ రెండు కప్పుల పుదీనా టీ, కప్పుకో చెంచా దాల్చినచెక్క పొడి, ఆపైన నాలుగు రకాల గింజలు. పన్నెండు వారాలైంది.

మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ టోటల్ 68 ఉండేది, ఇప్పుడు 61. అందులో రక్తంలో దేనికీ అతుక్కోకుండా తిరిగే ఫ్రీ టెస్టోస్టిరాన్ 4.1 నుంచి 2.9కి వచ్చింది. నెలసరి కూడా ఈసారి 41 రోజులకి, తర్వాత 43 రోజులకి వచ్చింది. అమ్మ సంబరం అంతా ఇంతా కాదు. కానీ పార్లర్ అక్క నిన్న దారం పట్టుకుని "ఏం తగ్గలేదమ్మా, అట్నే ఉంది" అంది. రిపోర్టును నమ్మాలా, పార్లర్ అక్కను నమ్మాలా?

నల్లకుంట_నాగమణి
రెండింటినీ నమ్ము తల్లీ. లోపల తగ్గితే బయట తగ్గడానికి టైం పడుతుంది. మా మేనకోడలు ఆరు నెలలు తాగింది, ముఖం అద్దంలా అయింది. పుదీనా చలవ చేస్తుంది, ఒంట్లో వేడి తగ్గితే హార్మోన్లు వాటంతటవే సర్దుకుంటాయి.

తార్నాక_తిండిబోతు
పొట్ట తగ్గడానికి ఏ గింజలు మంచివి అక్కా? నాకు 38 నడుము.

కూకట్‌పల్లి_కోయిల
@తార్నాక_తిండిబోతు అన్నా, ఇది పొట్ట గురించి కాదు.

తార్నాక_తిండిబోతు
టైటిల్‌లో గడ్డం అని చూసి మగవాళ్ల టాపిక్ అనుకున్నా. సారీ. ఒక మూల కూర్చుని వింటా.

మందుల_టీచర్
ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెబుతాను, డాక్టర్ని కాదు. ఈ పుదీనా సంగతి మా పిల్లలకు ఏటా చెప్పే కథే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఇది మొదలైంది టర్కీలో, ఇస్పార్తా అనే ప్రాంతంలో. అక్కడ పుదీనా టీ బాగా తాగే ఊళ్లో మగవాళ్లు కోరిక తగ్గిపోతోందని మొరపెట్టుకున్నారట. అక్కడి పరిశోధకులు ముందు ఎలుకల మీద చూశారు, టెస్టోస్టిరాన్ తగ్గింది. మగవాళ్లకు అది ఇబ్బందే, మరి మగ హార్మోన్ ఎక్కువైన ఆడవాళ్లకు మేలేమో అనుకున్నారు. 2007లో అవాంఛిత రోమాలున్న 21 మంది ఆడవాళ్లకు రోజుకు రెండు కప్పుల చొప్పున ఇచ్చి చూశారు. వాళ్లలో 12 మందికే పీసీఓఎస్. ఎన్నాళ్లు ఇచ్చారనుకున్నారు? ఐదంటే ఐదు రోజులు. ఫ్రీ టెస్టోస్టిరాన్ తగ్గింది, టోటల్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పోల్చి చూసుకోవడానికి వేరే టీ తాగే గుంపు కూడా లేదు.

తర్వాత 2010లో ఇంగ్లండ్‌లో కాస్త పద్ధతిగా చేశారు. 42 మందిని చీటీలేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పుదీనా టీ, ఇంకో గుంపుకు వేరే హెర్బల్ టీ, నెల రోజులు. పుదీనా గుంపులో ఫ్రీ, టోటల్ రెండూ తగ్గాయి. "నీ వెంట్రుకలు ఎలా ఉన్నాయనిపిస్తోంది" అని అడిగితే కొంచెం నయమే అన్నారు. కానీ ఒంటి మీద తొమ్మిది చోట్ల చూసి మార్కులేసే పద్ధతి ఒకటుంది, ఫెరిమన్ గాల్వే స్కోరు అంటారు. అందులో తేడా రాలేదు.

అంటే కోయిలా, నీకు జరిగిందే అక్కడా జరిగింది. అంకె కదిలింది, వెంట్రుక కదల్లేదు. ఇంతకు మించిన పెద్ద పరీక్ష నా కంటబడలేదు.

నల్లకుంట_నాగమణి
మరి మా మేనకోడలికి ఎలా తగ్గింది టీచరమ్మా? అది కూడా చెప్పండి.

మందుల_టీచర్
ఆమె ఆ ఆరు నెలల్లో ఇంకేం చేసిందో తెలిస్తే కదండీ చెప్పేది. లేజర్ ఏమైనా చేయించుకుందా?

నల్లకుంట_నాగమణి
పెళ్లికి ముందు నాలుగు సిట్టింగులు చేయించుకుందిలే. కానీ టీ కూడా తాగింది.

తార్నాక_తిండిబోతు
పుదీనాకి క్రెడిట్, లేజర్‌కి బిల్లు 😂

ముషీరాబాద్_ముత్యం
ఒక్క నిమిషం. మగవాళ్లకు కోరిక తగ్గుతుందా? మా ఇంట్లో ప్రతి ఆదివారం బిర్యానీలో గుప్పెళ్ల కొద్దీ పుదీనా పడుతుంది. హైదరాబాద్ జనాభా లెక్కలు చూస్తే మాత్రం అలా అనిపించడం లేదు.

మందుల_టీచర్
@ముషీరాబాద్_ముత్యం వారానికోసారి పొరల మధ్య వేసి దమ్ పెట్టిన ఆకుకీ, రోజూ రెండు కప్పుల డికాక్షన్‌కీ పోలిక లేదులే. మీవారిని భయపెట్టకండి.

రక్తపరీక్షల_రాణి
నేను ల్యాబులో బయోకెమిస్ట్రీ చూస్తాను. కోయిలా, రెండు రిపోర్టులూ ఒకే ల్యాబువా? రక్తం పొద్దున ఇచ్చావా, సాయంత్రమా?

కూకట్‌పల్లి_కోయిల
మొదటిది ఇంటి దగ్గర ల్యాబ్, పొద్దున ఎనిమిదింటికి. రెండోది ఆఫీసు హెల్త్ క్యాంపులో, మధ్యాహ్నం.

రక్తపరీక్షల_రాణి
అయితే 68కీ 61కీ మధ్య గీత గీయొద్దు. టెస్టోస్టిరాన్ పొద్దున ఎక్కువ, పోనుపోను తగ్గుతుంది. ఆడవాళ్లలో ఉండేదే కొంచెం కాబట్టి మామూలు ల్యాబుల్లో వాడే పద్ధతికి ఆ కొంచెం సరిగా అందదు. ఫ్రీ టెస్టోస్టిరాన్ సంగతి మరీ ఘోరం. నేరుగా కొలిచే కిట్ల మీద మాకే నమ్మకం తక్కువ. టోటల్‌ని మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలిచి, దాన్ని పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ కూడా కొలిచి, ఆ రెండింటి నుంచి లెక్కగడితే కొంత నయం. మళ్లీ చేయించుకోవాలనుకుంటే అదే ల్యాబు, అదే పద్ధతి, పొద్దున పూటే. ఆ మధ్యలో గర్భనిరోధక మాత్రలు వాడి ఉంటే అంకెకు అర్థమే ఉండదు. అవి ఆపి మూడు నెలలు ఆగాలి.

కూకట్‌పల్లి_కోయిల
అమ్మ ఆ రిపోర్టు ఫొటో తీసి పిన్నులందరికీ పంపేసింది. ఇప్పుడు ఇది ఎలా చెప్పాలి 😭

విత్తనాల_విజ్జి
అందరూ పుదీనా మీదే పడ్డారు. అసలు పని చేసేవి గింజలు. నేను రెండేళ్లుగా చేస్తున్నాను. నెలసరి మొదటి రోజు నుంచి 14వ రోజు దాకా చెంచా అవిసె పొడి, చెంచా గుమ్మడి గింజల పొడి. 15 నుంచి మళ్లీ వచ్చేదాకా నువ్వులు, పొద్దుతిరుగుడు. మొదటి సగంలో ఈస్ట్రోజన్‌ను, రెండో సగంలో ప్రొజెస్టిరాన్‌ను బ్యాలెన్స్ చేస్తాయి. నాకు ఇప్పుడు ముప్పై రెండు రోజులకు గడియారంలా వస్తోంది.

కూకట్‌పల్లి_కోయిల
@విత్తనాల_విజ్జి అక్కా, నాకు 60, 70 రోజులకొచ్చిన నెలలూ ఉన్నాయి. అలాంటప్పుడు 14వ రోజున మార్చాలా, 35వ రోజునా?

విత్తనాల_విజ్జి
నెలసరి సరిగా రానివాళ్లు చంద్రుణ్ని బట్టి చేసుకోవచ్చు. అమావాస్య నుంచి పున్నమి దాకా మొదటి రెండు, పున్నమి నుంచి అమావాస్య దాకా తర్వాతి రెండు.

తార్నాక_తిండిబోతు
అధిక మాసం వస్తే డబుల్ డోసా?

విత్తనాల_విజ్జి
@తార్నాక_తిండిబోతు మూల కూర్చుంటానన్నావుగా.

మందుల_టీచర్
విజ్జీ, నీకు బాగవ్వడం నాకూ సంతోషమే, ఆ మాట కాదనను. కానీ ఈ పద్ధతికి పునాది 14వ రోజున అండం విడుదలవుతుందని. కోయిల అడిగిన ప్రశ్న దగ్గరే ఆ పునాది కూలుతోంది. పీసీఓఎస్‌లో చాలా నెలలు అండం విడుదలే కాదు. ఆ నెలల్లో రెండో సగం అనేదే ఉండదు, ఇక దానికి గింజలు మార్చడం దేనికి? చంద్రుడికీ అండాశయానికీ లింకు పెడితే అది పంచాంగం అవుతుంది, వైద్యం కాదు.

నువ్వు చెప్పకముందే చెబుతాను, పాకిస్తాన్ నుంచి 2023లో ఒక అధ్యయనం వచ్చింది. గింజలు తిన్నవాళ్లకు బాగుందన్నారు. అయితే గింజలతో పాటు కొలిచి పెట్టిన తిండి కూడా ఇచ్చారు. తిండి తగ్గినందుకు బాగైందా, గింజలకా అనేది దాన్ని చదివితే విడదీయలేం.

అవిసెలో పీచుంది, లిగ్నాన్లనే మొక్కల పదార్థాలున్నాయి, నువ్వుల్లోనూ ఉన్నాయి. తినడానికి మంచి తిండే. తేదీలు చూసుకుని మార్చక్కర్లేదు, అంతే.

విత్తనాల_విజ్జి
మీరు ఎన్ని చెప్పినా నా క్యాలెండర్ నా దగ్గరుంది. అయినా నాకు ఈ రెండేళ్లలో ఏడు కిలోలు తగ్గింది, అది కూడా గింజల వల్లే.

రక్తపరీక్షల_రాణి
ఏడు కిలోలు తగ్గితే నెలసరి దారిలో పడటానికి అదే చాలు విజ్జీ. గింజల వల్ల తగ్గావా, వాటిని తింటున్నానని మిగతా తిండి జాగ్రత్తగా తిన్నావా?

విత్తనాల_విజ్జి
రెండూ అనుకుందాం.

థైరాయిడ్_తంటాలు
గింజలంటే నా అనుభవం చెబుతా, ఎవరికైనా పనికొస్తుంది. నాకు పీసీఓఎస్‌తో పాటు థైరాయిడ్ కూడా ఉంది. పొద్దున ఆరింటికి మాత్ర వేసుకునేదాన్ని. పదిహేను నిమిషాలకి గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల అవిసె పొడి కలుపుకుని తాగేదాన్ని, ఎవరో పరగడుపున అన్నారని. మాత్ర ఒంటికి చాలకపోతే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, నాకు రెండు నెలలకి 2.6 నుంచి 7.9కి పోయింది. డోసు పెంచబోయి, డాక్టరమ్మ "కొత్తగా ఏం తింటున్నావు" అని అడిగింది. అవిసె పొడి సాయంత్రానికి మార్చాను, మాత్ర డోసు అదే. ఆరు వారాలకి 3కి వచ్చింది. అంతకాలం జుట్టు రాలుతుంటే పీసీఓఎస్ వల్లే అనుకుని ఇంకో చెంచా పెంచాను కూడా!

మందుల_టీచర్
@థైరాయిడ్_తంటాలు మీ పోస్టు నేను క్లాసులో చెప్పుకుంటాను. పీచు ఎక్కువున్నవి థైరాయిడ్ మాత్రను పేగుల్లో పట్టుకుని రక్తంలోకి పోనివ్వవు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి థైరాయిడ్ మాత్ర కూడా ఉంటుంది, "పరగడుపున గింజల పొడి" అనే సలహా వాళ్లకు సరిగ్గా తప్పు టైములో పడుతుంది.

బేగంబజార్_బాబు
మా నాన్నది మసాలా దినుసుల వ్యాపారం, అందుకే దాల్చినచెక్క గురించి ఒక మాట. కోయిలా, నువ్వు వాడే పొడి ఎక్కడిది?

కూకట్‌పల్లి_కోయిల
ఇంట్లో బిర్యానీకి తెచ్చిన చెక్కనే మిక్సీలో వేశాం.

బేగంబజార్_బాబు
మందంగా, గట్టిగా, ఒకే పొర ముడుచుకుని ఉంటుందా? విరిస్తే టక్కుమని శబ్దం?

కూకట్‌పల్లి_కోయిల
అవును. మిక్సీ జార్ గీతలు పడింది దాని వల్లే.

బేగంబజార్_బాబు
అది కాసియా. మన బిర్యానీల్లో పడేది దాదాపు అంతా అదే. సిలోన్ చెక్క వేరే ఉంటుంది. పలచని పొరలు ఒకదానిలో ఒకటి చుట్టి, బీడీ కట్టినట్టు ఉంటుంది, వేళ్లతో నలిపితే పొడి అవుతుంది, రంగు లేతగా, వాసన తియ్యగా. ధర కొన్ని రెట్లు ఎక్కువ. పొడి చేశాక చూసి చెప్పమంటే మా నాన్న కూడా చెప్పలేడు. అందుకే సిలోన్ అని పొడి అమ్మితే నేను కొనను, చెక్కే కొంటాను.

మందుల_టీచర్
బాబు అడిగిన ప్రశ్న వెనక ఉన్నది కూమరిన్. కాసియాలో ఇది చాలా ఎక్కువ, సిలోన్‌లో లేదన్నంత తక్కువ. ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో పోతే కొందరికి కాలేయం దెబ్బతింటుంది. యూరప్‌లో పెట్టిన హద్దు కిలో బరువుకు రోజుకు 0.1 మిల్లీగ్రాము, అంటే 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు. కాసియాలో గ్రాముకు సుమారు 3 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, చెక్కను బట్టి మారుతుంది. రెండు గ్రాములతోనే హద్దు దగ్గరికి వచ్చేస్తాం. కోయిలా, నీ రెండు చెంచాలూ కలిపి ఐదు గ్రాములు పైనే ఉంటుంది. పన్నెండు వారాలుగా. ఈ రోజే ఆపు, వచ్చేసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పి, కాలేయం టెస్టు కూడా రాయించుకో.

కూకట్‌పల్లి_కోయిల
అమ్మ బాబోయ్. ఇది వంటింట్లో ఉండేదే కదా అని ధైర్యంగా వేసుకున్నాను.

నల్లకుంట_నాగమణి
మరి దాల్చినచెక్క పని చేయదా? షుగర్‌కి మంచిదని మా డాక్టరే అన్నాడు.

మందుల_టీచర్
అసలు పని చేయదని నేనూ అనను నాగమణి గారూ. మూడింటిలోనూ నాకు కాస్త ఆసక్తి కలిగించింది ఇదే. 2014లో అమెరికాలో 45 మంది పీసీఓఎస్ ఉన్నవాళ్లకు రోజుకు ఒకటిన్నర గ్రాముల దాల్చినచెక్క గానీ, ఉత్తుత్తి గుళికలు గానీ ఆరు నెలలు ఇచ్చారు. దాల్చినచెక్క తీసుకున్నవాళ్లకు నెలసరి ఇంకాస్త తరచుగా వచ్చింది. విచిత్రం ఏమిటంటే, వాళ్ల ఇన్సులిన్‌లో గానీ టెస్టోస్టిరాన్‌లో గానీ మార్పు లేదు. మరి ఎలా పని చేసినట్టు? ఇంకో సంగతి, ఆరు నెలలూ పూర్తి చేసింది 17 మందే. మిగతావాళ్లు మధ్యలో మానేశారు. అంత కొద్దిమందిని చూసి "చేస్తుంది" అని బోర్డు పెట్టలేం.

సనత్‌నగర్_సత్య
నేను దాల్చినచెక్కను నమ్మి మెట్‌ఫార్మిన్ ఆపేశాను నాలుగు నెలలు. భోజనం అయ్యాక షుగర్ 148 ఉండేది 190 దాటింది. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు షుగర్ ఎప్పుడు పక్కనుంచి వస్తుందో తెలియదు, నాకు 31 ఏళ్లే. చెక్క తినండి, మాత్ర మాత్రం చెప్పకుండా మానకండి.

రక్తపరీక్షల_రాణి
+1. పరగడుపు షుగర్ ఒక్కటే చూసుకుని బాగానే ఉందనుకోవద్దు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి చూసే టెస్టులో దొరికేవాళ్లు చాలామందే వస్తుంటారు మా దగ్గరికి.

కూకట్‌పల్లి_కోయిల
టీచర్ అక్కా, రిపోర్టు పోయింది, చెక్క పోయింది, గింజలు పోయాయి. కానీ నెలసరి? అది 41, 43 రోజులకు వచ్చింది కదా. అది టీ వల్ల కాకపోతే దేని వల్ల?

మందుల_టీచర్
అంతకు ముందువి ఎన్నెన్ని రోజులకు వచ్చాయో రాసుకున్నావా?

కూకట్‌పల్లి_కోయిల
యాప్‌లో ఉన్నాయి. 44, 38, 71, 40, 62. ఆ 62 అయ్యాకే భయపడి టీ మొదలుపెట్టాను.

మందుల_టీచర్
ఇప్పుడు వరుసగా చదువు. 44, 38, 71, 40, 62, ఇక్కడ టీ, తర్వాత 41, 43. టీ లేకుండానే నీకు 38 వచ్చింది, 40 వచ్చింది, 44 వచ్చింది. నువ్వు మొదలుపెట్టిందే అన్నిటికన్నా బాగా బెంగపడ్డ రోజున. 71 తర్వాత మొదలుపెట్టి ఉంటే వెంటనే వచ్చిన 40ని చూసి అప్పుడే పుదీనాకు దండ వేసేదానివి. పీసీఓఎస్‌లో ఒక పెద్ద గ్యాప్ తర్వాత చిన్న గ్యాప్ రావడం మామూలే. రెండు నెలలు చాలవు, కనీసం ఆరు గ్యాపులైనా చూడాలి.

ఇంకో ప్రశ్న. ఆ రెండు కప్పుల పుదీనా టీ ఏ టైముకి తాగుతున్నావు?

కూకట్‌పల్లి_కోయిల
పదకొండింటికి ఒకటి, నాలుగున్నరకి ఒకటి. ఇంతకుముందు ఆ టైములో ఆఫీసు కింద ఇరానీ చాయ్‌కి దిగేవాళ్లం. ఇప్పుడు ఫ్లాస్కులో తెచ్చుకుంటున్నా కాబట్టి దిగడం లేదు.

బేగంబజార్_బాబు
ఇరానీ చాయ్ అంటే ఉస్మానియా బిస్కెట్లు ఉండి తీరతాయి. రెండు మూడు?

కూకట్‌పల్లి_కోయిల
కప్పుకి రెండు. నిజం చెప్పాలంటే ఒక్కోసారి మూడు.

రక్తపరీక్షల_రాణి
అంటే ఈ పన్నెండు వారాలూ రోజుకు రెండు తీపి చాయ్‌లు, నాలుగైదు బిస్కెట్లు మానేశావు. చాయ్‌కి రెండు చెంచాలు వేసుకున్నా నాలుగు చెంచాల పంచదార. నాకైతే అసలు దొంగ ఇక్కడే దొరికాడనిపిస్తోంది. బరువు చూసుకున్నావా?

కూకట్‌పల్లి_కోయిల
64 ఉండేదాన్ని, ఇప్పుడు 62. గింజల వల్ల అనుకున్నా!

విత్తనాల_విజ్జి
గింజల వల్ల కూడా కావచ్చు.

మందుల_టీచర్
కావచ్చు, కాకపోవచ్చు. చాయ్ మానినందుకా, టీ తాగినందుకా అనేది నీ ఒక్కదాన్ని చూసి నేనూ తేల్చలేను. కానీ ఆ రెండు కప్పులు ఫ్లాస్కులోనే ఉండనీ, మానకు.

ముషీరాబాద్_ముత్యం
టీ ఎలా చేస్తున్నావో చెప్పలేదు కోయిలా. నేను పెట్టెలో వచ్చేది తాగుతున్నా, గొంతులో చల్లగా భలే ఉంటుంది.

కూకట్‌పల్లి_కోయిల
మొదటి మూడు వారాలు నాదీ పెట్టెదే. తర్వాత రైతుబజార్ పుదీనా కట్ట తెచ్చి, నీడలో ఎండబెట్టి, మరిగిన నీళ్లలో వేసి మూత పెట్టి పది నిమిషాలు ఉంచి వడగడుతున్నా.

మందుల_టీచర్
@ముషీరాబాద్_ముత్యం గొంతు చల్లబడుతోందంటే పెట్టె మీద పెప్పర్‌మింట్ అని ఉంటుంది, చూడండి. ఆ చల్లదనం మెంథాల్‌ది. టర్కీ, ఇంగ్లండ్ పరీక్షల్లో ఆడవాళ్లకు ఇచ్చింది స్పియర్‌మింట్, మన పచ్చడి పుదీనా చాలావరకు ఆ జాతే. దాని వాసన వేరే పదార్థం నుంచి వస్తుంది, అంత చల్లగా ఉండదు. కాబట్టి కోయిలా, నీ పన్నెండు వారాల్లో లెక్కలోకి వచ్చేది తొమ్మిదే.

ముషీరాబాద్_ముత్యం
చూశాను. పెప్పర్‌మింటే. 450 రూపాయలు 🤦

నల్లకుంట_నాగమణి
పది రూపాయల కట్ట ఉండగా 450 ఎవరు పెట్టమన్నారమ్మా నిన్ను.

కూకట్‌పల్లి_కోయిల
సరే, తొమ్మిది వారాలు. ఇంకెన్నాళ్లు తాగితే గడ్డం సంగతి తేలుతుంది? అసలు తేలుతుందా?

మందుల_టీచర్
వెంట్రుక సంగతి ఇలా ఉంటుంది. గడ్డం దగ్గర ఉండే మెత్తటి నూగు ఒకసారి మగ హార్మోన్ వల్ల బిరుసు వెంట్రుకగా మారిందంటే, హార్మోన్ తగ్గిన మర్నాడే అది మళ్లీ నూగు అయిపోదు. ఉన్న వెంట్రుక దాని ఆయుష్షు తీరేదాకా పెరుగుతూనే ఉంటుంది. తర్వాత వచ్చేది కాస్త సన్నగా, నెమ్మదిగా రావచ్చు. అందుకే డాక్టర్లు గట్టి మందులిచ్చి కూడా ఆరు నెలల దాకా మార్కులు వేయరు. నెల రోజుల పరీక్షలో స్కోరు మారలేదంటే టీ పని చేయక కావచ్చు, టైము చాలక కావచ్చు. ఆరు నెలలు చేసి చూసినవాళ్లు నాకు తెలిసి లేరు కాబట్టి అది తేలలేదు.

నీకు చూసుకోవాలనుంటే పార్లర్ అక్కే మంచి కొలత. థ్రెడింగ్‌కి థ్రెడింగ్‌కి మధ్య ఎన్ని రోజులు పట్టిందో యాప్‌లో రాసుకో. ఇప్పుడు పది. ఆరు నెలలకి పద్నాలుగో పదిహేనో అయితే ఏదో జరుగుతోందన్నమాట. నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే టైములో, థ్రెడింగ్‌కి ముందు రోజు ఒక ఫొటో. నా అంచనా అడిగితే, టీ ఒక్కదానితో పది రోజులు ఇరవై అవుతాయని నేను ఆశపెట్టను.

సనత్‌నగర్_సత్య
నాకు గడ్డం తగ్గింది గర్భనిరోధక మాత్ర ఎనిమిది నెలలు వాడాక. అది కూడా పోలేదు, సన్నబడింది. మిగిలింది లేజర్‌తో. మాత్ర అంటే మా అమ్మా భయపడింది, కానీ మైగ్రేన్, బీపీ, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని అన్నీ అడిగాకే రాసింది డాక్టర్.

కూకట్‌పల్లి_కోయిల
లేజర్ పెట్టించుకుంటే మళ్లీ రావా?

సనత్‌నగర్_సత్య
వస్తాయి, లోపల హార్మోన్ అలాగే ఉంటే. నేను ఏడాదికి రెండుసార్లు టచప్‌కి వెళ్తున్నా.

నల్లకుంట_నాగమణి
ఇంత చెప్పారు గానీ, పిల్లలు కావాలనుకునేవాళ్లు ఈ టీ తాగొచ్చా అని ఎవరూ చెప్పలేదు. మా కోడలు కూడా తాగుతోంది.

మందుల_టీచర్
మంచి ప్రశ్న నాగమణి గారూ. హార్మోన్ తగ్గించాలనే ఉద్దేశంతో రోజూ తాగేదాన్ని, గర్భం కోసం చూస్తున్నప్పుడు మందులాగే చూడాలి. పచ్చడిలో, చారులో పుదీనాకి ఏమీ కాదు. రోజూ రెండు కప్పుల డికాక్షన్ మాత్రం ఆమె డాక్టర్‌ను అడిగే దాకా ఆపమనండి. ఇంకోటి, నెలసరి సరిగా రాదు కాబట్టి గర్భం రాదనుకోవద్దు. ఏ నెల అండం విడుదలవుతుందో దానికే తెలియదు.

రక్తపరీక్షల_రాణి
నేను ఒక్కటే కలుపుతా. టీ తాగుతున్నా సరే, మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే ముందు గర్భం టెస్టు, ఆ వెంటనే గైనిక్. గర్భాశయం లోపలి పొర అలా మందమవుతూ ఉండటం మంచిది కాదు, దాన్ని దింపడానికి మాత్ర ఇస్తారు. ఇక ఉన్నట్టుండి గొంతు మారినా, రెండు మూడు నెలల్లోనే వెంట్రుకలు ఒళ్లంతా కమ్ముకున్నా అది పీసీఓఎస్ తీరు కాదు. అప్పుడు పుదీనా కట్ట కోసం ఆగొద్దు.

విత్తనాల_విజ్జి
అందులో నాకూ అభ్యంతరం లేదు. గింజలు మాత్రం నేను మానను.

మందుల_టీచర్
మానమని ఎవరన్నారు. అవిసెను మాత్రం పొడి చేసే తిను, గింజ గింజలా మింగితే ఎలా పోయిందో అలాగే బయటికి వస్తుంది. ఒక్కసారే కిలో పొడి కొట్టి పెట్టుకోకు, వారానికి సరిపడా కొట్టి ఫ్రిజ్‌లో పెట్టు. చేదెక్కితే పారెయ్.

విత్తనాల_విజ్జి
అందుకా నాకు పోయిన నెల చేదుగా ఉంది! మంచివి అలాగే ఉంటాయేమో అనుకుని తిన్నా.

కూకట్‌పల్లి_కోయిల
సరే, అమ్మకు చదివి వినిపించాను. చెక్క పొడి డబ్బా మళ్లీ మసాలాల అరలోకి వెళ్లింది. టీ కొనసాగుతుంది, ఎందుకంటే అది లేకపోతే చాయ్ బండి దగ్గరికి దిగుతానని నాకు తెలుసు. వచ్చే వారం గైనిక్ అపాయింట్‌మెంట్, యాప్‌లో ఉన్న ఏడు గ్యాపులూ, రెండు రిపోర్టులూ పట్టుకెళ్తా. మాత్ర గురించి అమ్మే డాక్టర్‌ను అడుగుతానంది, తన భయం తనే చెప్పుకుంటుందట. పిన్నులకి మాత్రం ఇంకా ఏం చెప్పలేదు. నిన్న రాత్రి ఇద్దరు పిన్నులు పుదీనా ఫొటోలు పంపారు.

ముషీరాబాద్_ముత్యం
నా పెట్టెలో ఇంకా నలభై బ్యాగులున్నాయి. ఎవరికైనా కావాలా?

తార్నాక_తిండిబోతు
నాకు ఇవ్వు అక్కా. గొంతు నొప్పిగా ఉంది. మగవాళ్లకు పరవాలేదుగా?

మందుల_టీచర్
ఎలుకల్లో పెప్పర్‌మింట్‌కి కూడా టెస్టోస్టిరాన్ తగ్గింది.

తార్నాక_తిండిబోతు
వద్దులే. అల్లం టీ పెట్టుకుంటా.